స్నేహం ఇంతటితో చాలని మెత్తగా చెప్పడం ఎలా?

ప్రశ్న: పదేళ్ల స్నేహితురాలితో ఇక స్నేహం వద్దనుకున్నాను. ఆ మాట వాట్సాప్‌లో రాస్తే కఠినంగా వస్తోంది. మెత్తగా రాస్తే అసలు సంగతి ఆమెకు అర్థమయ్యేలా లేదు. రెండూ కలిసేలా రాయలేమా? లేకపోతే ఏమీ చెప్పకుండా నంబరు బ్లాక్ చేస్తే సరిపోదా?

ఈ ప్రశ్న అడిగినామె ఆళ్లగడ్డలో బట్టలు కుడుతుంది. స్నేహితురాలిది నంద్యాల. ఇద్దరూ నంద్యాలలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో ఒకే గదిలో ఉన్నారు. గుర్తుపట్టే వివరాలు మార్చి సంగతి చెబుతాను. ఆళ్లగడ్డ ఆమె తన ఇంట్లోని ఒక అప్పు గొడవను స్నేహితురాలికి మాత్రమే చెప్పుకుంది. అది ఒక పెళ్లిలో నలుగురి మధ్యకు వచ్చింది. అడిగితే స్నేహితురాలు ఏడ్చింది, ఇంకెప్పుడూ జరగదంది. ఏడాది తిరక్కముందే మళ్లీ జరిగింది. తెంచుకోవడం న్యాయమా కాదా అన్న తీర్పు నేను ఇవ్వడం లేదు. ఆమె నిర్ణయం తీసుకుంది. ఎలా చెప్పాలన్నదే అడిగింది.

ముందు బ్లాక్ సంగతి చూద్దాం. ఏమీ అనకుండా తప్పుకుంటే అవతలివాళ్లకు తక్కువ బాధ అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఎక్కువ బాధ. కిప్లింగ్ విలియమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒకసారి పార్కులో కూర్చున్నాడు. ఎవరో ఇద్దరు విసురుకుంటున్న ప్లాస్టిక్ పళ్లెం వచ్చి అతనికి తగిలింది. తిరిగి విసిరితే వాళ్లు అతన్నీ ఆటలో చేర్చుకున్నారు. కాసేపటికి ఏమీ అనకుండానే అతనికి విసరడం మానేశారు. ముక్కూమొహం తెలియనివాళ్లు వదిలేసినా తనకు ఇంత కష్టమెందుకు అనిపించిందా అని అతను ఆలోచనలో పడ్డాడు. తర్వాత అదే సంగతిని కంప్యూటరు మీద బంతాటగా మార్చి, 2000లో ఇంటర్నెట్ ద్వారా వెయ్యిమందికి పైగా జనం మీద పరీక్షించాడు. బంతి రాని వాళ్లు కొద్ది నిమిషాల్లోనే దిగులుపడ్డారు. ఎవరో తెలియని వాళ్ల ఆటలోనే అలా ఉంటే, పదేళ్లు రాత్రిళ్లు మేలుకుని కబుర్లు చెప్పుకున్న మనిషి ఉన్నట్టుండి మాయమైతే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

అదీగాక ఇది ఆళ్లగడ్డ, నంద్యాల సంగతి. సిరివెళ్ల మీదుగా బస్సులో గంట ప్రయాణం. ఇద్దరికీ తెలిసినవాళ్లు రెండు ఊళ్లలోనూ ఉంటారు. కనుమ నాడు మొదలై ఊరూరా తిరిగే అహోబిలం పారువేటలోనో, శివరాత్రికి మహానందిలోనో, మరో పెళ్లి భోజనాల బంతిలోనో ఎదురుపడక తప్పదు. నంబరు బ్లాక్ చేయొచ్చు గానీ పక్క ఆకు ముందు కూర్చున్న మనిషిని చేయలేం. పైగా కారణం తెలియని మనిషి ఊరుకోదు. అమ్మకు ఫోన్ చేస్తుంది, అక్కను అడుగుతుంది, చివరకు ఇంటికే వస్తుంది. మౌనంతో తెగిపోతుందనుకున్నది ఇంకా పెద్దదవుతుంది. అందుకని చెప్పడమే మేలు.

ఇప్పుడు ఆమె మొదట రాసి పంపకుండా ఆపుకున్న సందేశం చూడండి.

“మీతో ఇక మాట్లాడదలచుకోలేదు. కారణం మీకే తెలుసు. నాకు ఫోన్లు, మెసేజీలు చేయవద్దు. చీటీ డబ్బులు వెంటనే పంపగలరు.”

నాలుగే వాక్యాలు. తిట్టు ఒక్కటీ లేదు. అయినా చదివితే కరెంటు కట్ చేసే ముందు ఇచ్చే నోటీసులా ఉంది. ఎందుకంటే మొదటి దెబ్బ మొదటి మాటలోనే ఉంది. పదేళ్లు “ఏమే”, “నువ్వు” అని పిలిచిన మనిషిని ఒక్క రాత్రిలో “మీరు” చేసింది. మన దగ్గర గౌరవం ఇవ్వడానికి మీరు అంటాం, దూరం నెట్టడానికీ అదే మీరు అంటాం. ఏ మీరు ఎందుకన్నారో అవతలివాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. తర్వాత “పంపగలరు” అన్న మాట. అది బ్యాంకు ఉత్తరాల భాష. ఆమె నోట ఎప్పుడూ వచ్చే మాట కాదు.

అన్నింటికంటే చెడ్డది “కారణం మీకే తెలుసు” అన్నది. రాసిన ఆమెకు కారణం ఒక్కటే, అది స్పష్టంగా ఉంది. చదివే ఆమెకు మాత్రం అది పదేళ్లను తవ్వమని చెప్పడం. ఆ అప్పు మాటా? చీర విషయమా? ఆవేళ వాళ్లాయన గురించి అన్న మాటా? తను చేసిన తప్పుతో పాటు చేయనివి కూడా మోసుకోవాల్సి వస్తుంది. ఇలాంటి వాక్యం చూడటానికి సూటిగా ఉన్నట్టుంటుంది గానీ నిజానికి ఏమీ చెప్పదు. అంటే చల్లగా రాసినంత మాత్రాన స్పష్టంగా రాసినట్టు కాదు. ఆ నాలుగింటిలో నిజంగా స్పష్టమైనది “ఫోన్లు, మెసేజీలు చేయవద్దు” అన్న వాక్యమే. దాన్ని గుర్తుపెట్టుకుందాం, తర్వాత కావాలి.

ఆ సందేశం చూసి తనకే భయమేసి, ఆమె రెండోది రాసింది.

“ఏమే, కోపం ఏం లేదులే. ఈ మధ్య నాకే మనసు బాగుండట్లేదు. కొన్నాళ్లు కాస్త దూరంగా ఉందామనుకుంటున్నా. నువ్వేం అనుకోవద్దు. తర్వాత మాట్లాడదాం.”

ఇది మెత్తగా ఉంది. కానీ నంద్యాలలో కూర్చుని దీన్ని చదివే మనిషి ఏం చేస్తుంది? మనసు బాగాలేదని చెప్పిన స్నేహితురాలిని చూడటానికి ఆదివారం బస్సెక్కుతుంది. అదే ప్రేమ ఉన్నవాళ్లు చేసే పని, ఆమె తప్పేం లేదు. సందేశమే రమ్మంది. “కొన్నాళ్లు” అంటే ఆ కొన్నాళ్లు అయ్యాక పలకరించవచ్చని అర్థం. “ఉందాం” అంటే ఇద్దరం కలిసి అనుకున్నట్టు, కాదనే హక్కు తనకూ ఉన్నట్టు. “తర్వాత మాట్లాడదాం” అంటే తలుపు తీసే ఉందని. “కోపం లేదులే” అన్నది అబద్ధం కూడా. మూడు నెలల తర్వాత మూడోసారి ఫోన్ ఎత్తనప్పుడు ఈ మెత్తదనమంతా మోసంలా కనిపిస్తుంది. మొదటి సందేశం ఒక్కసారే కొడుతుంది. ఇది కొంచెం కొంచెంగా చాలాకాలం కొడుతుంది. రెండింట్లో ఏది ఎక్కువ క్రూరం అని నన్నడిగితే రెండోదే అంటాను.

మరి రాసేటప్పుడు ఆమెకు ఇది స్పష్టంగానే ఉందని ఎందుకనిపించింది? రాసేటప్పుడు మన గొంతు మన చెవిలో వినిపిస్తూ ఉంటుంది. “కొన్నాళ్లు” అని రాస్తూ లోపల “ఇక ఎప్పటికీ” అనుకుంటాం. ఆ బరువు అక్షరాల్లోకి కూడా వచ్చిందనుకుంటాం. రాదు. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ మరికొందరితో కలిసి 2005లో ప్రచురించిన పరిశోధన సరిగ్గా దీని గురించే. వెటకారంగా అన్న వాక్యాలను, నిజంగానే అన్న వాక్యాలను కొందరు ఈమెయిల్లో రాశారు, కొందరు గొంతుతో చెప్పారు. రాసినవాళ్లు తమ ఉద్దేశం చదివేవాళ్లకు తెలిసిపోతుందని గట్టిగా నమ్మారు. చదివినవాళ్లకు అందింది వాళ్లు అనుకున్నదానికంటే చాలా తక్కువ. గొంతు విన్నవాళ్లు మాత్రం బాగానే పట్టుకున్నారు. వాట్సాప్‌లోనూ అంతే. మనం పెట్టిన అక్షరమే వెళ్తుంది, దాని వెనక నిట్టూర్పు వెళ్లదు.

ఇక్కడికి వచ్చాక దారి దొరుకుతుంది. ఆమె ఇప్పటివరకు మెత్తదనం, స్పష్టత ఒకే మాటలో ఉండాలని చూసింది. అందుకే ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గింది. అవి రెండూ వేరువేరు వాక్యాల పని. ఏం జరగబోతోందో చెప్పే వాక్యాలు గట్టిగా, పొట్టిగా ఉండాలి. వాటిలో జాలి కలపకూడదు. మెత్తదనం మనిషిని ఎలా పిలిచామన్న దాంట్లో, గడిచిన రోజుల గురించి ఏం ఒప్పుకున్నామన్న దాంట్లో, కారణాన్ని ఎలా చెప్పామన్న దాంట్లో ఉండాలి. అలా విడదీసి రాసినది ఇది.

“ఏమే, తీరిక చేసుకుని చదువు. మన స్నేహాన్ని ఇంతటితో ఆపేయాలని నిర్ణయించుకున్నాను. ఇది నీకు బాధ కలిగిస్తుందని తెలుసు.

హాస్టల్లో నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు రాత్రంతా నా పక్కనే కూర్చున్నావు. అది నేను ఎప్పటికీ మరిచిపోను. కానీ నీకొక్కదానికే చెప్పుకున్న మా ఇంటి సంగతి రెండుసార్లు నలుగురిలోకి వెళ్లింది. మొదటిసారి నీతో చెప్పాను. మళ్లీ జరిగాక నీ దగ్గర మనసు విప్పి మాట్లాడటం నా వల్ల కావడం లేదు. పైపైన మాట్లాడుతూ స్నేహంగా ఉన్నట్టు ఉండలేను.

ఇక నేను ఫోన్ చేయను. నువ్వూ చేయొద్దు, ఇంటికి రావొద్దు. ఎక్కడన్నా ఎదురుపడితే మామూలుగా పలకరిస్తాను, అంతవరకే. నీ గురించి ఎవరి దగ్గరా చెడుగా మాట్లాడను. దీనికి నువ్వేమైనా రాస్తే చదువుతాను, కానీ నిర్ణయం మారదు. నువ్వు, పిల్లలు చల్లగా ఉండాలి.”

అసలు మాట రెండో వాక్యంలోనే వచ్చేసింది. ఇది కావాలని చేసిందే. టైఫాయిడ్ జ్ఞాపకం ముందు పెట్టి ఉంటే చదివే ఆమె సంతోషంగా మొదలుపెట్టి, “కానీ” దగ్గర కిందపడేది. అప్పుడు ఆ జ్ఞాపకం కూడా ముంచడానికి వేసిన ఎరలా కనిపించేది. అదే జ్ఞాపకం చివర పెడితే, మనసులో ఇంకా ప్రేమ ఉంది, రెండు రోజులు ఆగితే కరుగుతుంది అనిపించేది. నిర్ణయం చెప్పాక, కారణం చెప్పకముందు పెడితే అది ఉన్నంత మేరకే వినిపిస్తుంది. జరిగిన మంచి జరిగింది, అయినా ఇది ఆగుతోంది అని.

ఆ జ్ఞాపకం ఒక్కటే ఉండటం, అదీ ఫలానా రాత్రిది కావడం గమనించండి. “నువ్వు చాలా మంచిదానివి, నీలాంటి స్నేహితురాలు దొరకదు” అని రాస్తే, మరి వదిలేస్తున్నావెందుకు అన్న ప్రశ్న వెంటనే వస్తుంది, దానికి జవాబుండదు. పొగడ్త పెద్దదయ్యేకొద్దీ అబద్ధంలా ఉంటుంది. జరిగిన చిన్న సంగతిని ఎవరూ కాదనలేరు.

కారణం దగ్గర ఆమె చాలాసేపు ఆగింది. మొదట “నీ నోట్లో మాట దాగదు” అని రాసింది. అది మనిషి మీద వేసిన ముద్ర. ముద్ర వేస్తే అవతలివాళ్లు పోట్లాడతారు, పోట్లాడాలి కూడా. దాన్ని తీసేసి రెండుసార్లు జరిగిన సంగతిని మాత్రం చెప్పింది. “నువ్వు చాటావు” అనకుండా “వెళ్లింది” అనడం కాస్త సాయం చేసింది. ఎలా వెళ్లిందో చదివే ఆమెకు తెలుసు, పొడిచి చెప్పనక్కర్లేదు. ఇలా మాటను మెత్తబరచడం కారణం దగ్గర చెల్లుతుంది. నిర్ణయం దగ్గర చెల్లదు. “మన స్నేహం ఆగిపోయింది” అని రాసి ఉంటే, ఎవరు ఆపారు, మనం మళ్లీ నడిపిద్దాం అనే వీలు ఉండేది. అక్కడ “నిర్ణయించుకున్నాను” అనే ఉండాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. “నువ్విలా చేస్తుంటే ఎలా స్నేహంగా ఉంటాను” అని రాస్తే అది షరతు అవుతుంది. ఇక చేయను, ఒట్టు అని జవాబు వస్తుంది. ఆ ఒట్టు నిజమే కావచ్చు, అప్పుడు ఈమె ఇరుక్కుంటుంది. అందుకే కారణాన్ని అవతలి మనిషి మార్చుకోగలిగిన దాని మీద ఆపకుండా, తనలో ఇప్పటికే మారిపోయిన దాని మీదకు తెచ్చింది. మనసు విప్పి మాట్లాడటం తన వల్ల కావడం లేదు. దీనికి ఎవరూ హామీ ఇవ్వలేరు, ఎవరూ తప్పని వాదించలేరు. కారణాలు మూడు నాలుగు ఉన్నా ఒకటే రాయడం మంచిది. ఎక్కువ రాస్తే చార్జిషీటు అవుతుంది. వాటిలో బలహీనమైన దాన్ని పట్టుకుని అవతలివాళ్లు వాదిస్తారు, అది గెలిస్తే అన్నీ గెలిచినట్టే అనుకుంటారు.

మూడో పేరాలో జాలి మాట ఒక్కటీ లేదు. చల్లని సందేశంలోని ఆ ఒక్క స్పష్టమైన వాక్యం ఇక్కడికి వచ్చింది, “చేయవద్దు” మాత్రం “చేయొద్దు” అయింది. ఎదురుపడితే ఏమవుతుందో కూడా రాసింది. ఇది చిన్న ఊళ్లలో చాలా అవసరం. తర్వాతి పెళ్లిలో ఆమె పలకరిస్తే నవ్వాలా, మొహం తిప్పుకోవాలా అన్న భయం ఇద్దరికీ పోతుంది. “చెడుగా మాట్లాడను” అన్న వాక్యం నన్నడిగితే మొత్తంలో అన్నింటికంటే దయగలది. సంగతులు నలుగురిలోకి వెళ్లడమే ఇక్కడ గాయం కాబట్టి, అదే గాయం తిరిగి చేయనని మాటివ్వడం అది. అయితే నిలబెట్టుకోగలిగితేనే రాయాలి.

క్షమించమని ఎందుకు రాయలేదని ఆమె అడిగింది. బాధ కలుగుతుందని తెలుసు అనడం వేరు, క్షమించమనడం వేరు. క్షమాపణ అడిగితే అవతలి మనిషికి ఒక పని అప్పజెప్పినట్టు. ఆమె క్షమించాలి, లేదా క్షమించనని చెప్పాలి. ఎలాగైనా మాట కొనసాగుతుంది.

రాసింది స్పష్టంగా ఉందో లేదో తెలుసుకోవడానికి నమ్మకమైన మనిషికి, ఈ గొడవ తెలియనివాళ్లయితే మరీ మంచిది, చదవడానికివ్వండి. బాగుందా అని అడగొద్దు. ఇది అందుకున్న మనిషి వచ్చే ఆదివారం ఏం చేస్తుంది అని అడగండి. ఫోన్ చేస్తుందేమో అంటే ఏదో వాక్యం తలుపు తీసే ఉంది. “కొన్నాళ్లు”, “ప్రస్తుతానికి”, “చూద్దాం” లాంటి మాటల కోసం వెతకండి. ప్రశ్నార్థకం ఉంటే తీసేయండి. ప్రశ్న వేస్తే జవాబు కోరినట్టే.

ఇక పంపడం. చాట్ డబ్బాలో టైప్ చేయొద్దు, వేలు తగిలితే సగంలోనే వెళ్లిపోతుంది. నోట్స్‌లో రాసి ఒక రాత్రి ఆగి, పొద్దున చదివి అప్పుడు అతికించండి. వాట్సాప్‌లో పంపిన సందేశాన్ని 15 నిమిషాల వరకే దిద్దవచ్చు, దిద్దితే దిద్దినట్టు కనిపిస్తుంది. అందరికీ తొలగించినా తొలగించిన గుర్తు ఉండిపోతుంది. ఇలాంటి వేళ ఆ గుర్తు ఎన్ని ఊహలకు తావిస్తుందో చెప్పక్కర్లేదు. పండగ పూట పంపొద్దు, ఆమె పనిలో ఉండే వేళా వద్దు, అర్ధరాత్రి అసలే వద్దు. ఇంట్లో మనుషులున్న సాయంత్రం నయం.

జవాబు వస్తుంది. బహుశా “ఏమైందే? ఒక్కసారి ఫోన్ ఎత్తు” అని. మాటిచ్చింది కాబట్టి చదవాలి, ఒక్కసారి తిరిగి రాయాలి. “చదివాను. నీ బాధ అర్థమైంది. నా నిర్ణయం అదే. ఇక జవాబు రాయను.” అంతే. ఆ తర్వాత నాలుగు ఫోన్లు వదిలేసి ఐదోది ఎత్తితే, ఐదుసార్లు చేస్తే ఎత్తుతుందని నేర్పినట్టవుతుంది. బ్లాక్ చేయాలనుకుంటే ఇప్పుడు చేయొచ్చు. కారణం తెలిసిన మనిషికి బ్లాక్ చేయడం శిక్షలా ఉండదు. మధ్యలో ఎవరో పెద్దవాళ్లు రాజీకి వస్తారు, మన దగ్గర రాకుండా ఉండరు. “గొడవేం లేదత్తా, స్నేహం మాత్రం ఇంతటితో సరి” అంటే చాలు. వాళ్లకు కారణం చెబితే ఇచ్చిన మాట ఆ క్షణమే పోయినట్టు.

ఇదంతా మామూలు మనిషి చేసిన మామూలు గాయం విషయంలో. బెదిరించే మనిషికి, ఫోటోలు బయటపెడతానన్న మనిషికి, వెంటపడే మనిషికి ఇలాంటి సందేశం రాయకూడదు. అక్కడ మెత్తదనాన్ని బలహీనత అనుకుంటారు. వాళ్ల సందేశాలకు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని, ఇంట్లోవాళ్లకు చెప్పి, 112కో మహిళల హెల్ప్‌లైన్ 181కో ఫోన్ చేయాలి.

మిగిలింది మొదటి సందేశంలోని చీటీ డబ్బు. దాన్ని ఈ సందేశంలో కలపకపోవడం మంచిదైంది. కలిపితే స్నేహమంతా లెక్క తేల్చుకోవడం లాగా కనిపించేది. చీటీలో ఇద్దరూ సభ్యులే, ఇంకా నెలలు మిగిలి ఉన్నాయి. కట్టాల్సింది చీటీ నడిపే ఆమెకు నేరుగా ప్రతినెలా కట్టేయమన్నాను. స్నేహితురాలి దగ్గర తీసుకున్న పట్టుచీర ఉతికించి, మడిచి, ఆర్టీసీ పార్సిల్లో నంద్యాలకు పంపేయమన్నాను. అందులో చీటీముక్క ఏమీ పెట్టొద్దన్నాను.